గులాబీ ఆకు ఫోటోలో ఉన్నది ఎర్రనల్లా, దుమ్మా, వడగాలి దెబ్బా?

సమస్య

కడియం వైపు నర్సరీల నుంచి ఏప్రిల్, మే నెలల్లో ఒకేలాంటి ఫోటోలు వస్తుంటాయి. గులాబీ ఆకు పైభాగం వెలిసిపోయి, సన్నని తెల్ల చుక్కలతో ఉంటుంది. రోడ్డు పక్క వరుసలదైతే దుమ్మనుకుంటారు, లేకపోతే వడగాలి అనుకుంటారు. పైనుంచి తీసిన ఒక్క ఫోటో చూసి ఏదీ తేల్చలేం. ఆకు రసం పీల్చే సన్నని పురుగు ఎర్రనల్లి ఉండేది ఆకు అడుగున.

తేడా ఎలా పట్టాలి

మొన్న వచ్చిన ఒక ఫోటో చూడండి. చుక్కలు నడి ఈనె పక్కన, ఆకు మొదట్లో ఎక్కువగా ఉన్నాయి, అంచులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. అంటే వడగాలి అనుమానం చాలావరకు పోయినట్టే. వేడిగాలికి ముందుగా ఎండేది కొన, అంచు. అక్కడ గోధుమ రంగు పట్టీలా వస్తుంది కానీ చుక్కలు రావు.

ఇక మిగిలింది దుమ్ము. తడి గుడ్డతో సగం ఆకు తుడిచి మళ్లీ ఫోటో పెట్టమన్నాను. తుడిచిన సగంలోనూ చుక్కలు అలాగే ఉన్నాయి. నల్లి ఆకు కణాల్లోని రసం పీల్చేస్తుంది కాబట్టి పచ్చదనం పోయిన ఆ మచ్చ తుడిస్తే పోదు.

తర్వాత ఆకు తిప్పి, వెనక నల్లగుడ్డ పెట్టి, పక్కనుంచి వెలుతురు పడేలా తీయించాను. ఫ్లాష్ వేస్తే సన్నని పోగులు తెల్లటి వెలుగులో కలిసిపోతాయి. కాడ, ఆకు కలిసే మూలలో పొరలాంటి గూడు, అందులో చిన్న నలుసులు కనిపించాయి. మామూలు సాలీడు పోగులు పొడవుగా, ఎడం ఎడంగా ఉంటాయి. వాటికి దుమ్ము పడితే ఫోటోలో మోసపోతాం. అలాంటప్పుడు తెల్లకాగితం మీద ఆకు దులపండి. నలుసులు నెమ్మదిగా పాకితే నల్లే. గూడు లేదు కదా అని ధీమా వద్దు, నల్లి సంఖ్య బాగా పెరిగాకే అది కనిపిస్తుంది.

పరిష్కారం

గూళ్లు కట్టిన ఆకులు కోసి సంచిలో వేసి దూరంగా పారేయండి. పొద్దున్నే పైపుతో ఆకుల అడుగుభాగం గట్టిగా కడగండి, మూడు నాలుగు రోజులకోసారి మళ్లీ కడగండి. వేడికి గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం చాలు, అందుకే ఒక్కసారి కడిగితే సరిపోదు. దుమ్ము కూడా పోవడం మంచిదే, దుమ్ముపట్టిన ఆకు మీద నల్లి బాగా పెరుగుతుంది.

తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, చల్లబడ్డాక సాయంత్రం అడుగుభాగం తడిసేలా కొట్టాలి. మండుటెండల్లో కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టి రెండు వారాలు కాకపోతే గంధకం జోలికి వెళ్లొద్దు. షాపులో ఇచ్చే సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు నల్లిని తినే పురుగుల్ని చంపి, నల్లిని ఇంకా పెంచుతాయి.

పాత చుక్కలు మళ్లీ పచ్చబడవు. తగ్గిందో లేదో చూడాలంటే పది రోజులాగి కొత్త చిగురు ఆకు అడుగుభాగం ఫోటో తీయండి.