జిమ్ బెల్ట్ నడుముకి ఆసరా కాదు, పొట్టకి గోడ

బెల్ట్ పెట్టుకుంటే నడుము దానంతటదే సేఫ్ అనుకుని బిగించేసి, ఊపిరి కూడా సరిగ్గా తీసుకోకుండా డెడ్‌లిఫ్ట్ చేసేవాళ్లు ప్రతి జిమ్‌లోనూ కనిపిస్తారు. అసలు బెల్ట్ చేసే పని వేరు. బరువు ఎత్తేముందు పొట్ట నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి, పొట్టని నాలుగు వైపులా బెల్ట్ మీదకి నెట్టాలి, అప్పుడు లోపల ఒత్తిడి పెరిగి వెన్ను గట్టిగా నిలబడుతుంది. నెట్టకపోతే అది ఉత్త తోలు పట్టీయే.

బిగుతు ఎంతంటే, గాలి పీల్చాక కూడా పక్కన ఒక వేలు కష్టంగా దూరాలి.

స్క్వాట్ 100 కిలోలు ఒక్కసారి లేపగలిగేవాళ్లయితే 40, 60, 70 సెట్లు బెల్ట్ లేకుండానే చేసి, 80 దాటాక పెట్టుకోండి. కోర్ బలహీనపడుతుందనే భయం అక్కర్లేదు, బెల్ట్ ఉన్నా పొట్ట కండరాలు పనిచేస్తూనే ఉంటాయి. కాకపోతే వార్మప్ నుంచి బైసెప్ కర్ల్ దాకా విప్పకుండా తిరిగితే, అది లేకుండా పొట్ట బిగించడం ఎప్పటికీ అలవాటు కాదు. బీపీ, హెర్నియా ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఇలా ఊపిరి బిగబట్టొద్దు.