రెండు వైపులా రాగే, మరి వోల్టేజీ ఎక్కడిది? గాఢతా ఘటం కట్టి కొలవడం ఎలా

డేనియల్ సెల్ అనగానే ఇంటర్ చదివిన వాళ్లకి 1.10 వోల్టులు అని నోటికొచ్చేస్తుంది. జింకు వైపూ రాగి వైపూ ద్రావణాలు ఒక్కో మోలార్ ఉండి, ఉష్ణోగ్రత 25 డిగ్రీలైతేనే ఆ అంకె. గాఢత మారితే వోల్టేజీ ఎంత మారుతుందో చెప్పేది నెర్న్‌స్ట్ సమీకరణం. దాన్ని కళ్లారా చూడాలంటే రెండు వైపులా రాగే పెట్టేయండి, అదే గాఢతా ఘటం. ప్రమాణ పొటెన్షియల్ సున్నా అయిపోతుంది, మీటరు చూపేదంతా గాఢతల తేడా వల్ల వచ్చిందే.

సామాను. 200 మిల్లీవోల్టుల రేంజ్ ఉన్న మల్టీమీటర్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఎర్తింగ్‌కి వాడే లావుపాటి రాగి తీగ ఒకటి తీసుకుని రెండు ముక్కలు చేయండి. మోటారు వైండింగ్ తీగ వద్దు, దానికి కంటికి కనపడని వార్నిష్ పూత ఉంటుంది. ఇంకా మైలుతుత్తం, సురేకారం, రెండు గాజు గ్లాసులు, వడపోత కాగితం కావాలి. నీళ్లు మాత్రం డిస్టిల్డ్ వాటరే. బోరు నీళ్లలోని బైకార్బొనేట్లు రాగిని మడ్డిగా దించేస్తాయి, పలచటి ద్రావణం లెక్క తప్పుతుంది.

ద్రావణాలు. 2.5 గ్రాముల మైలుతుత్తం కరిగించి, మొత్తం 100 మిల్లీలీటర్లు చేస్తే 0.1 మోలార్. అందులోంచి 10 మిల్లీలీటర్లు తీసి మళ్లీ 100కి పెంచితే 0.01. ఇంకోసారి అలాగే చేస్తే 0.001. త్రాసు కాస్త అటూ ఇటూ అయినా కంగారు పడకండి. మధ్యలో లాగరిథమ్ ఉంది కాబట్టి గాఢతలో నాలుగు శాతం తప్పు వచ్చినా వోల్టేజీలో అర మిల్లీవోల్టు తేడానే.

ముందు సున్నా చూడండి. చాలామంది దాటేసే మెట్టు ఇదే. తీగలు రెండింటినీ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, కడిగి, రెండింటినీ 0.1 మోలార్ గ్లాసులోనే ముంచండి. మీటరు సున్నా చూపాలి. ఐదారు మిల్లీవోల్టులు చూపితే రెండు తీగల పైపొరలు ఒకేలా లేవన్నమాట, మళ్లీ రుద్దండి.

ఇప్పుడు ఘటం. ఒక గ్లాసులో 0.1, ఇంకోదాంట్లో 0.001 ద్రావణం పోయండి. సురేకారం నీళ్లలో నానబెట్టిన కాగితపు పట్టీ రెంటికీ వంతెనగా వేయండి. ఉప్పు వాడొద్దు, క్లోరైడ్ రాగితో కలిసి కొలతను పాడుచేస్తుంది. ఎర్ర ప్రోబు చిక్కటి వైపు, నల్లది పలచటి వైపు. పలచటి వైపు రాగి కరిగి అయాన్లవుతుంది, చిక్కటి వైపు అయాన్లు తీగ మీద పేరుకుంటాయి. రెండు గాఢతలూ సమానం కావాలన్నదే ఆ పరుగు. తర్వాత తీగల్ని కడిగి, గ్లాసులు మార్చి, ఎర్ర ప్రోబు మళ్లీ చిక్కటి వైపే ఉండేలా చూసి కొలిచి, రెండు రీడింగుల సగటు తీయండి. తీగల మధ్య మిగిలిన తేడా అలా కొట్టుకుపోతుంది.

లెక్క. 25 డిగ్రీల దగ్గర:

```
E = (0.0592 / 2) × log(0.1 / 0.001)
  = 0.0296 × 2 = 0.059 V
```

అంటే 59 మిల్లీవోల్టులు. హైదరాబాద్ మే నెలలో గది 40 డిగ్రీలకు చేరితే 0.0592 కాస్తా 0.0621 అవుతుంది, జవాబు 62.

కానీ మీ మీటరు చూపేది 40కి దగ్గర్లో ఉంటుంది. ప్రయోగం చెడిందని రీడింగు దిద్దుకోకండి! సమీకరణానికి నిజంగా కావలసింది గాఢత కాదు, యాక్టివిటీ, అంటే స్వేచ్ఛగా పనిచేసే అయాన్ల లెక్క. రాగి, సల్ఫేట్ అయాన్లు రెండేసి ఆవేశాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి చిక్కటి ద్రావణంలో స్వేచ్ఛగా పనిచేసే రాగి చాలా తగ్గిపోతుంది. యాక్టివిటీ గుణకం 0.1 మోలార్‌లో సుమారు 0.15, 0.001లో సుమారు 0.74. గుణించి చూస్తే నిష్పత్తి వందకు బదులు ఇరవై. ఇరవైకి లాగ్ 1.3, కాబట్టి 39 మిల్లీవోల్టులు. మన 59 కన్నా ఇదే అసలు జవాబు.

రీడింగు నిలకడగా లేకుండా ఊగుతుంటే పట్టీ ఆరిందేమో చూడండి. నెమ్మదిగా జారుతుంటే గాలిలోని ఆక్సిజన్ పలచటి వైపు రాగిని తినడం మొదలుపెట్టి ఉండొచ్చు, మొదటి నిమిషాల్లోనే రాసుకోండి.

పని అయ్యాక ద్రావణాల్ని మొక్కలకో కాలువకో పోయకండి, రాగి చేపలకు విషం. మీటరు తగిలించి ఉండగానే 0.001 గ్లాసులో చిటికెడు బట్టల సోడా వేయండి. రాగి మడ్డిగా దిగిపోతుంది, అయాన్లు తగ్గిన కొద్దీ అంకె ఎగబాకుతుంది. ఎంత ఎగబాకిందో రాసుకున్నాక, రెండో గ్లాసులోనూ సోడా వేయండి.