ఓనరు అద్దె పెంపు నోటీసు ఇస్తే, తక్కువ పెంపు అడుగుతూ జవాబు ఎలా రాయాలి?

అద్దె పెంచుతున్నామని నోటీసు రాగానే చాలామంది టెన్షన్ పడి ఆ సాయంత్రమే ఫోన్ చేసి "ఇంత పెంచితే ఎలా అండీ" అని బతిమాలతారు. "చుట్టుపక్కల అందరూ పెంచారండీ" అని జవాబు వస్తుంది, ఇక మాట్లాడటానికి ఏమీ ఉండదు. ఇంకొందరు ఏమీ అనకుండా పెరిగిన అద్దె కట్టేస్తారు. అది ఇంకా నష్టం, ఎందుకంటే కొత్త అద్దె ఒక్క నెల కట్టినా ఆ పెంపుకు ఒప్పుకున్నట్టే చూసే అవకాశం ఉంది, ఆ తర్వాత ఎంత అడిగినా బలం ఉండదు. ఈ రెండిటి మధ్య ఒక దారి ఉంది: కారణాలతో, ఒక అంకెతో, రాతపూర్వకంగా జవాబు ఇవ్వడం. దీనికి ఒక సాయంత్రం లెక్క వేసుకుంటే సరిపోతుంది.

ముందు అగ్రిమెంట్ తీసి చదవండి

మూడు విషయాలు చూడాలి. గడువు ఎప్పటివరకు ఉంది, పెంపు గురించి ఏదైనా షరతు రాసి ఉందా, పెంచాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. గడువు ఇంకా నడుస్తుంటే, మధ్యలో పెంచవచ్చని అగ్రిమెంట్‌లో లేకపోతే, మామూలుగా గడువు పూర్తయ్యేదాకా పెంచడం కుదరదు. ఏడాదికి ఇంత శాతం అని రాసి ఉంటే, నోటీసులో అంతకు మించి అడిగినప్పుడు బేరం అక్కర్లేదు, ఆ షరతు నంబరు రాసి గుర్తు చేస్తే చాలు. మీరున్న చోట అద్దె చట్టం పెంపుకు పరిమితి పెట్టిందా, నోటీసుకు ఇన్ని రోజులని చెప్పిందా అన్నది కూడా చూసుకోండి, ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ఇవేవీ అడ్డు రావు, నోటీసు సరిగ్గానే ఉంది అనుకుందాం. అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ఓనరు లెక్క మీరే వేయండి

మనం సాధారణంగా మన కష్టాల వైపు నుంచి రాస్తాం: జీతం పెరగలేదు, ఫీజులు పెరిగాయి. అవి నిజమే కావచ్చు, కానీ వాటితో ఓనరు లెక్క మారదు. ఆయన లెక్కను మార్చేది ఒకటే, ఇల్లు ఖాళీగా ఉండే నెల. ఒక్క నెల ఖాళీ అంటే ఏడాది అద్దెలో పన్నెండో వంతు, అంటే ఎనిమిది శాతానికి పైనే పోయినట్టు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇప్పుడు అద్దె నెలకు 20,000. రెండు నెలల తర్వాతి నుంచి 24,000 కట్టమని నోటీసు వచ్చింది, అంటే 20 శాతం. మీరు 21,500 ఇస్తానంటున్నారు, అది ఏడున్నర శాతం.

మీరు ఉంటే మొదటి ఏడాది ఆయనకు 2,58,000 వస్తుంది. మీరు ఖాళీ చేస్తే, ఒక నెల ఇల్లు ఖాళీగా ఉండి, తర్వాత ఆయన కోరుకున్న 24,000కే మనిషి దొరికాడనుకున్నా, పదకొండు నెలలకు వచ్చేది 2,64,000. అందులోంచి పెయింటింగ్, క్లీనింగ్ ఓ 8,000, బ్రోకర్‌కి అర నెల అద్దె 12,000 తీసేస్తే మిగిలేది 2,44,000. అంటే ఆయన అడిగిన అద్దె పూర్తిగా దొరికినా మొదటి ఏడాది మీతో వచ్చేదానికన్నా 14,000 తక్కువ.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, జవాబు బలహీనపడేదీ ఇక్కడే. రెండో ఏడాది లెక్క తిరగబడుతుంది. కొత్త మనిషి పన్నెండు నెలలూ 24,000 కడతాడు, పైగా ఖర్చులేవీ ఉండవు. రెండేళ్లు కలిపితే కొత్త మనిషితో 5,32,000, మీరు అదే 21,500 మీద ఉండిపోతే 5,16,000. కొంచెం దూరం ఆలోచించే ఓనరైతే కాగితం లేకుండానే ఈ మాట పట్టేస్తారు.

అందుకని అడగాల్సింది రెండేళ్ల మెట్ల పెంపు. మొదటి ఏడాది 21,500, రెండో ఏడాది 22,500. అప్పుడు మీ నుంచి వచ్చేది 5,28,000. కొత్త మనిషితో వచ్చేదానికీ దీనికీ రెండేళ్లకు తేడా 4,000 మాత్రమే, అదీ అన్నీ ఆయన అనుకున్నట్టు జరిగితేనే. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉన్నా, కొత్తవాళ్లు 23,000కి దిగినా మీరు చెప్పినదే ఆయనకు లాభం.

ఈ అంకెల స్థానంలో మీ అంకెలు పెట్టుకోండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఇల్లు ఖాళీ అయిన వారంలోనే మనుషులు వరుస కట్టే చోటైతే ఖాళీ నెలను లెక్కలో వేయకండి, వేస్తే మిమ్మల్ని మీరు మోసం చేసుకున్నట్టే. అలాంటి చోట ఈ వాదన బలం సగానికి పైగా తగ్గిపోతుంది.

పోల్చడానికి ఇళ్లు వెతకండి

అదే పరిసరాల్లో, అన్నే గదులున్న, దాదాపు అంతే వయసున్న ఇళ్లు మూడు దొరికితే చాలు. ప్రకటనలో ఉన్న అద్దె అడిగే అద్దె, కుదిరే అద్దె దానికన్నా కొంచెం తక్కువే ఉంటుంది. అందుకే ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి మెయింటెనెన్స్ కలిపి చెప్పారా, విడిగానా అని కనుక్కోండి. మన ఉదాహరణలో 21,500, 22,000, 23,000 అని మూడు కనిపించాయి, మూడోదానికి లిఫ్ట్ ఉంది, వంటగది కొత్తగా చేశారు. 23,000 ఇంటిని దాచిపెట్టాలని అనిపిస్తుంది, వద్దు. అది కూడా రాసి, తేడా ఎందుకుందో ఒక ముక్క చెప్పండి. ఓనరు స్వయంగా వెతికినప్పుడు అది కనబడితే మిగతా రెండిటినీ కూడా నమ్మరు.

మీ పై హద్దు ఎంతో తేల్చుకోండి, ఎవరికీ చెప్పకండి

వేరే ఇంటికి మారితే 22,000కి దొరుకుతుంది, సామాను తరలింపు, బ్రోకర్, సెలవులు అన్నీ కలిపి 18,000 అవుతుంది అనుకుంటే, ఏడాదికి పంచితే నెలకు 1,500. అంటే మారితే మీకు నిజంగా నెలకు పడేది 23,500. ఇక్కడ అంతకన్నా తక్కువకు కుదిరితే ఉండటమే మేలు. ఈ అంకె తెలియకుండా "ఖాళీ చేసేస్తాం" అన్నామంటే, "సరే చేయండి" అన్నప్పుడు మనమే ఇరుక్కుంటాం. నిజంగా వెళ్లే ఉద్దేశం లేకపోతే ఆ మాట ఉత్తరంలో రానివ్వకండి.

ఇప్పుడు రాయండి

నోటీసు వచ్చిన వారం లోపు పంపండి, పెంపు మొదలయ్యే తేదీ దగ్గర పడేదాకా ఆగొద్దు. పేజీ దాటకూడదు. ఇలా ఉండొచ్చు:

"నమస్తే అండీ. అద్దె నెలకు 20,000 నుంచి 24,000కి పెంచుతున్నట్టు మీరు పంపిన నోటీసు అందింది. ఖర్చులు పెరిగాయి కాబట్టి కొంత పెంపు న్యాయమే, దానికి మేం సిద్ధంగానే ఉన్నాం. ఒక్కసారిగా 4,000 మాత్రం మాకు ఎక్కువవుతుంది. ఇదే ప్రాంతంలో ఇలాంటి ఇళ్లు చూశాను. రెండు 21,500కి, 22,000కి ఉన్నాయి, లిఫ్టూ కొత్త వంటగదీ ఉన్న ఇంకొకటి 23,000కి ఉంది. వివరాలు దీనితో పంపుతున్నాను.

కాబట్టి మొదటి ఏడాది 21,500, రెండో ఏడాది 22,500 చొప్పున రెండేళ్లకు అగ్రిమెంట్ రాసుకుందామని నా ప్రతిపాదన. మూడేళ్లుగా ప్రతి నెలా 5వ తేదీ లోపే అద్దె పంపుతున్నాం, రెండేళ్ల పాటు మీకు ఇల్లు ఖాళీ అవుతుందన్న ఆలోచన ఉండదు. డిపాజిట్ ఇప్పుడున్నట్టే ఉంచమని కోరుతున్నాను. వచ్చే ఆదివారం లోపు మీ అభిప్రాయం చెబితే, కావాలంటే కూర్చుని మాట్లాడుకుందాం."

పైన వేసిన పెద్ద లెక్క ఉత్తరంలో లేదు, గమనించారా. అది కావాలనే పెట్టలేదు. "మేం వెళ్తే మీకు ఇంత నష్టం" అని అంకెలతో రాస్తే బెదిరింపులా వినిపిస్తుంది. ఇల్లు ఖాళీ అయ్యే మాట ఒక్క వాక్యంలో మెత్తగా తగిలితే చాలు, మిగతా లెక్క ఆయనే వేసుకుంటారు. నెల నెలా సమయానికి కట్టామని రాసేముందు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూసుకోండి, ఏవైనా రెండు నెలల్లో ఆలస్యమై ఉంటే ఆ వాక్యం తీసేయడమే మంచిది.

రిపేర్ల సంగతి చాలామంది ఇందులోనే కలిపేస్తారు. బాత్రూమ్ గోడ ఆరు నెలలుగా చెమ్మ పట్టి, పెయింట్ పెచ్చులుగా ఊడుతోంది, అప్పట్లోనే ఫొటో పంపారు, ఎవరూ రాలేదు. అద్దె తగ్గడానికి ఇది సరైన కారణమే, తేదీతో, ఫొటోతో ఒక్క వాక్యంలో రాయండి. కానీ ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా చెప్పకుండా, నోటీసు వచ్చాక పది లోపాలు ఏకరువు పెడితే వాటిలో నిజమైనది కూడా సాకులా కనిపిస్తుంది.

ఆయన మధ్యలో ఒక అంకె చెబితే

"సరే, 23,000 చేయండి" అంటారు. వెంటనే మధ్యకు దిగిపోకండి. రెండో ఏడాది అంకె అలాగే ఉంచి మొదటి ఏడాదిది 22,000కి పెంచండి. అప్పుడు రెండేళ్లకు 5,34,000 అవుతుంది, కొత్త మనిషితో అన్నీ సవ్యంగా జరిగితే వచ్చే 5,32,000 కన్నా ఎక్కువే. మీకూ 24,000తో పోలిస్తే రెండేళ్లలో 42,000 మిగులుతుంది. ఇక్కడ కుదిరితే ఇద్దరికీ మంచిదే, నేనైతే ఇంకా లాగను.

అసలు ఒప్పుకోకపోతే "24,000 ఎలా లెక్క వేశారండీ" అని అడగండి. ఆస్తి పన్నో, బ్యాంకు వడ్డీనో పెరిగిందంటారు, లేదా పక్కింటివాళ్లు అంత ఇస్తున్నారంటారు. పక్కింటి మాటైతే ఆ ఇల్లు ఎలాంటిదో చూసి పోల్చొచ్చు. నిజమైన ఖర్చే అయితే, పెంపు మొదలయ్యే తేదీని మూడు నెలలు వాయిదా వేయమని అడగొచ్చు, అంకె మారకపోయినా మీకు 12,000 మిగిలినట్టే. ఈ మాటలు నడుస్తున్నంతకాలం పాత అద్దె మాత్రం సమయానికి కట్టండి, ఒక్క రోజు ఆలస్యమైనా మీ ఉత్తరంలోని బలమైన వాక్యం పోతుంది.

కుదిరాక ఆ రోజే మెసేజ్ పెట్టండి. నాకు ఒకసారి ఫోన్‌లోనే ఒప్పందం అయింది, రెండు నెలలు తిరిగేసరికి ఓనరు గారికి గుర్తున్న అంకె వేరు, నాకు గుర్తున్నది వేరు, చివరికి నేనే ఎక్కువ కట్టాను. ఇంత రాస్తే చాలు: "ఈరోజు మాట్లాడుకున్న ప్రకారం ఫలానా తేదీ నుంచి 22,000, ఏడాది తర్వాత 22,500, రెండేళ్లు పూర్తయ్యేదాకా వేరే పెంపు లేదు, డిపాజిట్ మారదు. సరేనని ఒక్క మాట పంపండి." ఆయన "సరే" అన్నాక అవే మాటలతో కొత్త అగ్రిమెంట్ రాయించి, ఇద్దరూ సంతకాలు పెట్టాకే మొదటి పెరిగిన అద్దె పంపండి.