దసరా సీజన్‌కి ముందు జాగ్రత్త: యాడ్ లెర్నింగ్‌లో ఉన్నప్పుడు దాన్ని కదిలించొద్దు

దసరా వస్తాందంటే ప్రొద్దుటూరు, కడప, అనంతపురం, ధర్మవరం చీరల అంగళ్ళోళ్ళంతా ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ యాడ్స్ పెంచుతారు. పెంచడం మంచిదే. కానీ ఈ టైంలో డబ్బులు ఎక్కువగా పోయేది యాడ్ బాగలేక కాదు, ప్రొద్దున లేస్తూనే ఫోన్లో యాడ్స్ మేనేజర్ తెరిచి నిన్న సేల్స్ తక్కువొచ్చాయని ఏదో ఒకటి మార్చేయడం వల్ల. ఇదొక్కటి ఆపితే చాలా మేలు, అందుకే సీజన్ మొదలవ్వకముందే రాస్తున్నా.

ముందు ఆటోమేటిక్ బిడ్డింగ్ లోపల ఏం చేస్తాదో చూడండి. మీ యాడ్ ఒక మనిషికి కనిపించే ప్రతిసారీ అక్కడ ఒక వేలం జరుగుతాది, మీకు బదులు సిస్టమే పాట పాడుతాది. ఎంత పాడాలి అనేది ఆ మనిషి కొనే ఛాన్స్ ఎంత అనే అంచనా మీద ఉంటాది. ఒక సేల్‌కి మీరు 250 రూపాయల దాకా పెట్టగలరు అనుకుందాం. ఒకామె కొనే ఛాన్స్ వెయ్యిలో ఒకటి అనిపిస్తే ఆమెకి యాడ్ చూపించడం 25 పైసలు చేస్తాది, ఇంకొకామె ఛాన్స్ 250లో ఒకటి అయితే రూపాయి చేస్తాది. ఎవరు పావలా, ఎవరు రూపాయి అనేది సరిగ్గా పట్టుకోవడమే దాని పని మొత్తం.

మొదట్లో ఆ అంచనా గట్టిగా ఉండదు. మీ వెబ్‌సైట్ పిక్సెల్‌లో, అంటే సైట్‌కి వచ్చి ఎవరు చూశారు ఎవరు కొన్నారు అని మెటాకి చెప్పే కోడ్‌లో, ఉన్న పాత డేటా కొంత సాయం చేస్తాది గానీ, ఈ వీడియో, ఈ చీర, ఈ రేటు, ఈ ఊర్లు కలిపి చూస్తే దానికి కొత్తే. కాబట్టి రకరకాల వయసులవాళ్ళకి, రకరకాల టైముల్లో, రీల్స్‌లో, స్టోరీల్లో, ఫీడ్‌లో చూపించి ఎక్కడ సేల్ పడుతుందో చూసి దాన్ని బట్టి సర్దుకుంటాది. ఈ దశనే స్క్రీన్ మీద `Learning` అని చూపిస్తాది. మెటా చెప్పే లెక్క ప్రకారం చివరి పెద్ద మార్పు తర్వాత వారం రోజుల్లో ఒక యాడ్ సెట్‌కి, అంటే ఒకే టార్గెటింగ్ కింద పెట్టిన యాడ్స్ గుంపుకి, సుమారు 50 రిజల్ట్స్, మన లెక్కలో సేల్స్, వస్తే ఇది పూర్తయితాది. అంతవరకు సేల్ ఖర్చు పైకీ కిందకీ ఊగుతానే ఉంటాది, సాధారణంగా రొంత ఎక్కువే పడుతాది కూడా.

ఇప్పుడు లెక్క చూద్దాం. ప్రొద్దుటూరులో ఒక అంగడి ఉందనుకోండి, ధర్మవరం పట్టు చీరలు వెబ్‌సైట్‌లో అమ్ముతారు, రోజుకి బడ్జెట్ 1000 రూపాయలు, సేల్‌కి 250 పడుతాది. అంటే రోజుకి సగటున 4 సేల్స్, వారానికి 28. ఇక్కడే ఇబ్బంది ఉంది చూడండి, 50 కావాల్సిన చోట 28 వస్తే ఎన్ని రోజులు ఓపిక పట్టినా లెర్నింగ్ దాటదు, కొన్నాళ్ళకి `Learning limited` అని పడుతాది. దీనికితోడు ఓనరు కర్నూలుకొకటి, అనంతపురానికొకటి, కడపకొకటి, బెంగళూరుకొకటి అని నాలుగు యాడ్ సెట్లు పెట్టి అదే 1000 పంచితే ఒక్కోదానికి వారానికి 7 సేల్స్. ఏడు సేల్స్ చూసి ఎవరికి అమ్ముడుపోతుందో ఏ సిస్టమ్ అయినా ఏం నేర్చుకుంటాది అప్పా. నాలుగూ కలిపి ఒకటే యాడ్ సెట్ చేసి, బడ్జెట్ రోజుకి సుమారు 1800 పెడితే (50 సేల్స్‌ని 250తో గుణించి ఏడు రోజులకి భాగిస్తే 1786 వస్తాది) అప్పుడు లెక్క కుదురుతాది. అంత పెట్టే స్తోమత లేదంటే ఆప్టిమైజేషన్ ఈవెంట్‌ని, అంటే సిస్టమ్ ఏం చేసేవాళ్ళని వెతకాలో దాన్ని, పర్చేజ్ బదులు యాడ్ టు కార్ట్‌కి గానీ చెకౌట్ మొదలుపెట్టడానికి గానీ మార్చుకోవచ్చు, అవి ఎక్కువ సంఖ్యలో వస్తాయి కాబట్టి 50 తొందరగా దాటుతాది. కాకపోతే అది కార్ట్‌లో వేసేవాళ్ళని వెతికి తెస్తాది, వాళ్ళంతా కొనేవాళ్ళే కారు, ఆ నష్టం ఒప్పుకునే చేయాలి.

బడ్జెట్ సరిపెట్టినా అసలు ప్రమాదం ఆ తర్వాతే మొదలయ్యేది. లెక్క సులువుగా ఉండేదానికి మొదటి 1000 రూపాయల యాడ్‌నే తీసుకుందాం. రోజుకి సగటున 4 సేల్స్ వచ్చే యాడ్‌కి ప్రతిరోజూ 4 రావు. ఏ మార్పూ చేయకపోయినా, యాడ్ అంతే బాగున్నా, ఉత్త యాదృచ్ఛికంగానే సుమారు 11 రోజులకి ఒకసారి ఒకటో సున్నానో వస్తాయి, 9 రోజులకి ఒకసారి ఏడుగానీ అంతకంటే ఎక్కువగానీ వస్తాయి. ఒకటే సేల్ వచ్చిన రోజు 1000 పెట్టి ఒక చీర అమ్మినట్టు కనిపిస్తాది, నిన్నటిదాకా 250 పడేది ఇవాళ 1000 పడింది, యాడ్ పాడైపోయింది అని ఎవరికైనా గుండె ఝల్లుమంటాది. కానీ అక్కడ ఏమీ కాలేదు. నెలరోజుల్లో అట్లాంటి రోజులు సగటున రెండు మూడు వస్తాయని ముందే మనసులో పెట్టుకోండి. పైగా నిన్న క్లిక్ చేసినామె ఇంట్లో అందరికీ చూపించి రేపు సాయంత్రం ఆర్డర్ పెడుతుంది, పట్టు చీర కదా, ఆ సేల్ తర్వాత వచ్చి కలుస్తాది, నిన్నటి లెక్క ఈ ప్రొద్దునకి పూర్తి కాదు.

ఇప్పుడు అదే ఓనరు బుధవారం ఒకటే సేల్ చూసి బడ్జెట్ సగం చేస్తారు. గురువారం వయసు 30 నుంచి 45కి కుదిస్తారు. శుక్రవారం వీడియో మార్చి ఇంకోటి పెడతారు. శనివారం అనుకోకుండా 7 సేల్స్ వస్తాయి, ఆహా కొత్త వీడియో పనిచేసింది అని బడ్జెట్ 2500 చేస్తారు. ఆయన దృష్టిలో వారమంతా కష్టపడి యాడ్‌ని బాగుచేశారు. సిస్టమ్ వైపు నుంచి చూస్తే టార్గెటింగ్ మారినప్పుడు ఒకసారి, వీడియో మారినప్పుడు ఒకసారి, బడ్జెట్ ఒక్కసారిగా అంత ఎగిరినప్పుడు ఇంకోసారి లెర్నింగ్ మొదటికి వచ్చింది. ఏ మార్పు తర్వాతా పట్టుమని పది సేల్స్ కూడా పోగుపడలేదు. పిక్సెల్‌లో పాత డేటా అంతా తుడిచిపెట్టుకుపోదు, అది నిజమే, కానీ ఈ యాడ్ సెట్‌కి ఎవరు రూపాయి మనిషి ఎవరు పావలా మనిషి అనే లెక్క మళ్ళీ తూచుకోవాల్సిందే. ఇట్లా దసరా దాకా లెర్నింగ్‌లోనే గడిచిపోతాది, అంటే సీజన్ మొత్తం ఖరీదైన రోజులే.

ఏ మార్పు దాన్ని మొదటికి తెస్తాది అంటే: టార్గెటింగ్ మార్చడం, వీడియో గానీ ఫోటో గానీ యాడ్‌లో రాసిన మాట గానీ మార్చడం, యాడ్ సెట్‌లోకి కొత్త యాడ్ చేర్చడం, ఆప్టిమైజేషన్ ఈవెంట్ మార్చడం, బిడ్ స్ట్రాటజీ మార్చడం, ఏడు రోజులు గానీ ఇంకా ఎక్కువ గానీ ఆపేసి మళ్ళీ ఆన్ చేయడం. బడ్జెట్ విషయంలో మాత్రం ఎంత మార్చారు అనేదాన్ని బట్టి ఉంటాది, చిన్నగా పెంచితే ఏమీ కాదు. యాడ్ సెట్ పేరు మార్చుకుంటే అసలు ఇబ్బందే లేదు. చివరి పెద్ద మార్పు ఎప్పుడు జరిగిందో చూడాలంటే యాడ్స్ మేనేజర్‌లో `Last significant edit` అనే కాలమ్ పెట్టుకోండి.

ఇంక తేదీల సంగతి. చీర కొన్నాక బ్లౌజు కుట్టించాలి, పండగ ముందు టైలర్ల దగ్గర ఖాళీ ఉండదు, కొరియర్‌కి రొంత టైం పడుతాది, కాబట్టి ఆడవాళ్ళు పండగకి రెండు మూడు వారాల ముందే ఆర్డర్ పెడతారు. అంటే మీ అసలు సీజన్ నవరాత్రులు కాదు, వాటికి ముందు వారాలు. అప్పటికే లెర్నింగ్ అయిపోయి ఉండాలంటే నవరాత్రులకి ఐదారు వారాల ముందు యాడ్ మొదలవ్వాలి. ఇంకో కారణం, పండగ దగ్గరయ్యేకొద్దీ పెద్ద పెద్ద కంపెనీలు కూడా అదే వేలంలోకి దిగుతాయి, యాడ్ చూపించే రేటు పెరుగుతాది, ఆ టైంలో నేర్చుకోవడం మొదలుపెడితే ఫీజు ఎక్కువ కట్టినట్టే. మొదలుపెట్టే రోజే మీ దగ్గరున్న మూడు నాలుగు వీడియోలు ఒకే యాడ్ సెట్‌లో వేసేయండి, తర్వాత ఒకటొకటి చేర్చొద్దు. ఆన్ చేసేముందు మీరే ఒక టెస్ట్ ఆర్డర్ పెట్టి ఈవెంట్స్ మేనేజర్‌లో పర్చేజ్ ఒక్కసారే పడుతుందా, థాంక్యూ పేజీ రిఫ్రెష్ చేస్తే మళ్ళీ పడుతుందా చూడండి. రెండుసార్లు పడితే అది తప్పు లెక్కతో నేర్చుకుంటాది, తర్వాత సరిచేస్తే మళ్ళీ మొదటినుంచి.

లెర్నింగ్ దాటాక బడ్జెట్ పెంచాలంటే మా పనిలో ఉన్నవాళ్ళు ఎక్కువమంది పాటించేది ఒకసారికి 20 శాతం, మూడు నాలుగు రోజులకొకసారి. ఇది మెటా పెట్టిన రూల్ కాదు, అనుభవం మీద వచ్చిన లెక్క. 1800 నుంచి 2150, తర్వాత 2600, తర్వాత 3100. అంటే పది పన్నెండు రోజులు పడుతాది, అదీ కలుపుకుని తేదీలు వేసుకోండి.

మరి అసలు ముట్టుకోకూడదా అంటే, కొన్నిటికి వెంటనే ముట్టుకోవాలి. వెబ్‌సైట్ తెరుచుకోవట్లేదు, పేమెంట్ ఫెయిలవుతాంది, వీడియోలో చూపించిన చీర అయిపోయింది, రేటు తప్పు పడింది, ఇట్లాంటివాటికి లెర్నింగ్ గురించి ఆలోచించకుండా యాడ్ ఆపండి, సరిచేసి ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ ఆన్ చేస్తే ఆ ఆపడం వల్ల రీసెట్ కాదు. మిగతావన్నీ వారం లెక్క చూసే నిర్ణయించాలి. రోజుకి 4 అనుకున్న యాడ్‌కి వారంలో 28 బదులు 20 వచ్చినా 36 వచ్చినా అది మామూలు ఊగడమే. 17 కంటే కిందకి పోతే మాత్రం ఏదో నిజంగా మారి ఉండొచ్చు, అప్పుడు వెతకండి. వెతికి మూడు మార్పులు చేయాలని తేలితే మూడూ ఒకేసారి చేయండి, రోజుకొకటి చేస్తే మూడు రీసెట్లు, కలిపి చేస్తే ఒకటే. దేనివల్ల బాగుపడిందో తెలియదు అంటారు, నిజమే, కానీ పండగ ముందు పరీక్షలు పెట్టుకునే టైం కాదు.

చివరగా ఇంకో మాట, చాలా అంగళ్ళలో ఓనరుకి, తమ్ముడికి, మేనేజర్‌కి, యాడ్స్ చూసే పిల్లోడికి అందరికీ ఎడిట్ చేసే యాక్సెస్ ఉంటాది, ఒకరు పెంచింది ఇంకొకరు తగ్గిస్తారు. సీజన్ అయ్యేదాకా ఎడిట్ ఒక్కరికే ఉంచి, మిగతావాళ్ళకి చూసే పర్మిషన్ మాత్రమే ఇవ్వండి, ఆ ఒక్కరు కూడా వారంలో ఒక రోజు, సోమవారం అనుకోండి, ఆ రోజే కూర్చుని ఏడు రోజుల లెక్క చూసి మార్చాలి.