చీటీలో చదవలేని మాటను అరబీలోకి మార్చకండి

గల్ఫ్‌కి కొత్తగా వచ్చిన చాలామంది ఇంటి నుంచి కొన్ని నెలల మందులు తెచ్చుకుంటారు కానీ డాక్టర్ రాసిన చీటీ తెచ్చుకోరు. మందులు అయిపోయే రోజు వస్తుంది. ఇంటికి ఫోన్ చేస్తే భార్యో, కొడుకో చీటీని ఫొటో తీసి పంపుతారు. అందులో డాక్టర్ గారి రాత సగం అర్థమవుతుంది, సగం కాదు. రూంలో ఉన్నవాళ్లు తలా ఒక మాట చెబుతారు. వాళ్లలో అరబీ వచ్చినవాడు దాన్ని చక్కగా టైప్ చేసి కఫీల్‌కి పంపేస్తాడు. అసలు ప్రమాదం ఈ చివరి మెట్టులోనే ఉంది.

మా రూంలో జరిగింది చెబుతాను. కొత్తగా వచ్చిన ఒక డ్రైవర్‌కి సుగర్ ఉంది. అతనికి వచ్చిన ఫొటోలో మూడు వరుసలున్నాయి. మొదటి వరుసలో ఎం, ఈ, టీ అనే మూడు అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. ఆ తర్వాత ఒక గీత పాములా సాగి, చివర 500 అని ఉంది. రెండో వరుసలో గ్లిమెపిరైడ్ అని, పక్కన 1-0-0 అని ఉంది. మూడోది ఎవరికీ అర్థం కాలేదు. మొదటి వరుస చూసిన ఒకాయన, గతంలో విరేచనాలప్పుడు తాను వేసుకున్న మాత్ర గుర్తొచ్చి, "ఇది మెట్రోనిడజోల్" అన్నాడు. అరబీ వచ్చినాయన అదే రాసి పంపాడు. నిజానికి అది మెట్‌ఫార్మిన్, సుగర్ మాత్ర. ఈ రెండు పేర్లు ఒకదానికొకటి మారిపోవడం ఆసుపత్రుల్లో కూడా జరిగే పొరపాటే. మెట్రోనిడజోల్ ఇన్‌ఫెక్షన్ల మందు. సుగర్ తగ్గించడానికి దాన్ని వాడరు.

పట్టుబడింది ఎలాగంటే, సైదలియాలో, అంటే మందుల షాపులో, ఫార్మసిస్ట్ "కడుపు ఎప్పటి నుంచి బాగాలేదు?" అని అడిగాడు. కఫీల్ కొడుకు ఫోన్ చేసి ఆ ప్రశ్న మావాడిని అడిగాడు. "కడుపా? నాకు కడుపులో ఏమీ లేదే" అన్నాడు ఇతను. ఫార్మసిస్ట్ ఆ ఒక్క ప్రశ్న అడగకపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఫొటోలో ఆ మాట చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, ఎందుకంటే రాత గజిబిజిగా ఉందని కళ్లకే తెలుస్తుంది. అదే మాట అరబీలో టైప్ అయి వచ్చాక గజిబిజి మొత్తం పోతుంది. అచ్చు అక్షరాల్లో నిశ్చయంగా ఒక మందు పేరు కనిపిస్తుంది. చదివినవాడికి అది ఊహ అని తెలిసే దారే ఉండదు. మన రూంలో "అయ్యుండొచ్చు" అనుకున్నది అవతలివాడి దగ్గరికి "అవును" అయి చేరుతుంది. ఫోన్‌లోని అనువాద యాప్ చేసేదీ ఇదే. కెమెరా పెట్టి చీటీ చూపిస్తే దగ్గరగా కనిపించిన మాట ఒకటి పట్టుకుని ధీమాగా అరబీలో చూపిస్తుంది.

మా చీటీలో ఒక ఆధారం ఉంది, మేమే పట్టించుకోలేదు. మన దేశంలో మెట్రోనిడజోల్ మాత్ర మామూలుగా 200, 400 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. మెట్‌ఫార్మిన్ అయితే 500, 850, 1000లో వస్తుంది. అంటే ఆ 500 అంకె సుగర్ మాత్ర వైపే చూపిస్తోంది. కింద వరుసలో మరో సుగర్ మాత్ర కూడా ఉంది కదా. కానీ గల్ఫ్‌లో మెట్రోనిడజోల్ 500 కూడా అమ్ముతారు కాబట్టి ఇక్కడి ఫార్మసిస్ట్‌కి ఆ అంకె వింతగా అనిపించదు. అక్కడ ఆధారంగా పనికొచ్చేది ఇక్కడికొచ్చేసరికి పనికిరాకుండా పోయింది. ఇంకో మాట. ఇలాంటి ఆధారాలు ఊహను బలపరుస్తాయి, అంతే. అవి ఉన్నంత మాత్రాన ఆ మాటను చదివినట్టు కాదు.

కాబట్టి ముందు ఫొటో సంగతి చూడండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గిపోతుంది, సన్న గీతలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు తీసింది తీసినట్టు వస్తుంది. చీటీని బల్ల మీద చదునుగా పెట్టి, పగటి వెలుతురులో, ఫోన్ నీడ పడకుండా తీయమనండి. పేజీ మొత్తం ఒకటి, ఒక్కో వరుసకి దగ్గరగా ఒకటి కావాలి. పేజీ మొత్తం ఎందుకంటే పైన డాక్టర్ ఫోన్ నంబర్ ఉంటుంది, అదీ కాక ఆ చేతి రాత ఇంకో చోట ఎలా ఉందో పోల్చి చూసుకోవచ్చు. స్కానింగ్ యాప్‌లో నలుపు-తెలుపు ఫిల్టర్ మాత్రం వాడొద్దు. అది కాగితాన్ని తెల్లగా చేసే తొందరలో సన్నటి చుక్కను కూడా తుడిచేస్తుంది. 2.5లో చుక్క పోతే 25 అవుతుంది.

చదివించేటప్పుడు మీ ఊహ బయటపెట్టకండి. "ఇది మెట్రోనిడజోలేనా?" అని అడిగితే చాలామందికి అదే కనిపిస్తుంది. "ఇక్కడ ఏం రాసుందో చెప్పు" అని మాత్రమే అడగండి. ఇద్దరు వేర్వేరుగా ఒకటే చెబితే కొంత నమ్మకం. ఇద్దరూ వేర్వేరు మాటలు చెబితే అక్కడితో ఆపేయండి.

దీనికంటే నమ్మకమైనది చీటీ బయటే ఉంటుంది. ఇంట్లో ఖాళీ మాత్రల అట్ట ఎక్కడో ఉంటుంది. దాని మీద కంపెనీ పెట్టిన పేరుతో పాటు మందు అసలు పేరు, మిల్లీగ్రాములు అచ్చులో ఉంటాయి. షాపు బిల్లు ఉన్నా సరే. మావాడి భార్య బీరువాలో వెతికితే అట్ట పది నిమిషాల్లో దొరికింది. మేము రూంలో గంటసేపు చేసిన వాదన అంతా దండగ. కంపెనీ పేరు ఇక్కడ దొరక్కపోవచ్చు కానీ అసలు పేరు ఏ దేశంలోనైనా పనికొస్తుంది.

అసలు మందు పేరును అరబీలో రాయాల్సిన అవసరమే లేదు. గల్ఫ్ సైదలియాలో ఇంగ్లీషు పేరే చదువుతారు, మందు డబ్బాల మీదా రెండు భాషలూ ఉంటాయి. పైగా అరబీలో పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు, "ప" అక్షరం లేదు, దాని చోట "బ" రాస్తారు. అలా మారిన పేరును మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పి చదివేటప్పుడు ఇంకో ఊహ కలుస్తుంది. పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచండి. స్పష్టంగా ఉన్న అక్షరాలు మాత్రమే రాసి, మిగతా చోట గీత పెట్టండి. ఆ పక్కనే అరబీలో ఈ ముక్క చేర్చండి. దాని అర్థం "ఈ మాట స్పష్టంగా లేదు", పలకడం "హాజిహిల్ కలిమా గైర్ వాదిహా".

```
Met_____ 500
هذه الكلمة غير واضحة
```

దీంతో పాటు ఫొటో తప్పకుండా పంపండి. ఫార్మసిస్ట్ రోజూ ఇలాంటి రాతలు చూసేవాడు. మీ అరబీ మెసేజ్ కంటే ఆ ఫొటో నుంచే అతను ఎక్కువ తెలుసుకోగలడు.

ఇక రెండో వరుస. మాలో ఎవరికీ తట్టని గొయ్యి అక్కడుంది. మన డాక్టర్లు 1-0-0 అని రాస్తే ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి లేదు అని మనకు చెప్పక్కర్లేదు. అరబీ కుడి నుంచి ఎడమకు చదివే భాష. అదే వరుసను కుడివైపు నుంచి చదివినవాడికి ఉదయం లేదు, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అవుతుంది. అంకెల మధ్య ఖాళీలు వదిలి టైప్ చేస్తే అరబీ వాక్యం లోపల ఫోన్ కూడా వాటిని కుడి నుంచి పేరుస్తుంది, తెర మీద 0 - 0 - 1 అని కనిపిస్తుంది. దాన్ని చూసి ఎవరు ఎటు నుంచి చదువుతారో చెప్పలేం. 1-0-1 ఎటు చదివినా ఒకటే కాబట్టి చాలామందికి ఈ తేడా ఎప్పటికీ తెలియదు. కానీ గ్లిమెపిరైడ్ ఉదయం టిఫిన్‌తో వేసుకునే మాత్ర. దాన్ని రాత్రి ఏమీ తినకుండా వేసుకుని పడుకుంటే నిద్రలో సుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు వచ్చినా నిద్రలో తెలియకపోవచ్చు. అందుకే వేళను అంకెల్లో పంపొద్దు, మాటల్లో పంపండి. కింద మొదటిది ఉదయం, రెండోది రాత్రి, మూడోది పరగడుపున.

```
صباحًا
ليلًا
على الريق
```

మోతాదు అంకెలు మాత్రం ఇంగ్లీషు అంకెల్లోనే ఉంచండి. అరబీ అంకెల్లో సున్నా అంటే ఒక చుక్క ٠, అయిదు అంటే మన సున్నా లాంటి గుండ్రం ٥. కాబట్టి ٥٠ అని ఉంటే అది యాభై. కొత్తవాడి కంటికి అది సున్నా, పక్కన చుక్క. ఫార్మసిస్ట్ డబ్బా మీద పెన్నుతో ఏదైనా రాసిచ్చినప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. అర్థం కాకపోతే అక్కడే వేళ్లు చూపించి అడిగేయండి, సిగ్గేమీ లేదు.

నొప్పి మాత్రల విషయంలో ఇంకాస్త టెన్షన్ ఉంది. ట్రమడాల్, ట్రజొడోన్ అని రెండు మందులున్నాయి, చేతిరాతలో ఒకదానికొకటి మారిపోయేవే. మొదటిది గట్టి నొప్పి మందు, గల్ఫ్ దేశాల్లో దాని మీద కఠినమైన నియంత్రణ ఉంది. రెండోది డిప్రెషన్ మందు. చీటీలో చదవలేని మాటను మీరే ట్రమడాల్ అని అరబీలో రాసిస్తే, మీ దగ్గర లేని మందును ఉన్నట్టు మీ చేత్తోనే రాసిచ్చినట్టవుతుంది. ఆఫీసు పనికోసం, కేసు కోసం చీటీ అరబీలోకి మార్చాల్సి వస్తే అనుమతి ఉన్న అనువాదకుడి దగ్గరికే వెళ్లండి. పద్ధతి తెలిసినవాడు చదవలేని చోట "చదవడానికి వీలుగా లేదు" అని రాస్తాడు. మీరు పక్కనుండి "అది ఫలానా మందు అండీ, వేసేయండి" అని ఒత్తిడి చేయకుండా ఉంటే చాలు.

అట్ట దొరకలేదు, డాక్టర్ ఫోన్ ఎత్తలేదు అనుకోండి. అప్పుడు చీటీ పక్కనపెట్టి క్లినిక్‌కి వెళ్లండి. "నాకు సుగర్ ఉంది, మందులు అయిపోయాయి, ఈ మాట చదవలేకపోతున్నాం" అని చెప్పి ఫొటో చూపిస్తే వాళ్లు రక్తం చూసి కొత్తగా రాస్తారు. మావాడు చివరికి అట్ట ఫొటోతో క్లినిక్‌కి వెళ్లాడు. మూడో వరుసను మాలో ఒకరు బీపీ మాత్ర అని, ఇంకొకరు విటమిన్ అని పట్టుబట్టారు. అక్కడి నర్సు ఫొటోను ఒక్కసారి పెద్దది చేసి చూసింది. అది మందే కాదట. నెల తర్వాత పరగడుపున సుగర్ పరీక్ష చేయించుకోమని డాక్టర్ రాసిన మాట. ఆ నెల దాటి అప్పటికి అయిదు వారాలైంది.