కై-స్క్వేర్ వేసే ముందు చూసుకోవాల్సినవి: ఒక ఈగల లెక్కతో

జెనెటిక్స్ ప్రాక్టికల్‌లో ఈగలు లెక్కపెట్టడం అయిపోయాక, కై-స్క్వేర్ అంటే ఇక పది నిమిషాల పనే అనుకుంటాం. నిజానికి ఫార్ములాలో తప్పు చేసేవాళ్లు తక్కువ. దాంట్లో ఏ అంకెలు పెట్టాలి, వచ్చిన జవాబుకి ఏమని అర్థం చెప్పాలి అన్న దగ్గరే రికార్డులు దెబ్బతింటాయి. ఒకే లెక్కను మొదటి నుంచి చివరిదాకా పట్టుకుని చూద్దాం.

డ్రోసోఫిలాలో వెస్టిజియల్ ఈగలకు రెక్కలు ముడుచుకుపోయి చిన్నగా ఉంటాయి, ఎబొనీ ఈగల ఒళ్లు నల్లగా ఉంటుంది. రెండూ అంతర్గత లక్షణాలే. వెస్టిజియల్ జన్యువు రెండో క్రోమోజోమ్ మీద, ఎబొనీ మూడో దాని మీద ఉన్నాయి కాబట్టి ఎఫ్-2 తరంలో 9:3:3:1 రావాలి. మీ వయల్స్ అన్నీ కలిపి 400 ఈగలు వచ్చాయనుకుందాం: మామూలువి 247, ఎబొనీ 81, వెస్టిజియల్ 58, రెండు లక్షణాలూ ఉన్నవి 14.

లెక్కలోకి దిగే ముందు ఈ అంకెలు నమ్మదగ్గవేనా అని చూసుకోవాలి. 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి ఈగ రావడానికి సుమారు పది రోజులు పడుతుంది. ఎఫ్-1 ఈగలను వారం లోపు వయల్ నుంచి తీసేయకపోతే అవి కూడా లెక్కలో కలుస్తాయి. ఎఫ్-2 ఈగలు రావడం మొదలైన తొమ్మిది రోజులకు లెక్క ఆపేయకపోతే వాటి పిల్లలు కలుస్తాయి. అప్పుడే బయటికొచ్చిన ఈగ ఇంకో ప్రమాదం. దాని రెక్కలు ఇంకా విచ్చుకోవు, ఒళ్లు పాలిపోయి ఉంటుంది. మామూలు ఈగ వెస్టిజియల్‌లా, ఎబొనీ ఈగ మామూలు దానిలా కనిపిస్తుంది. కొన్ని గంటలు ఆగి చూస్తే ఈ అయోమయం ఉండదు. తడి మేతలో అంటుకుపోయి చచ్చిన ఈగలను పారేసే ముందు అవి ఏ రకమో విడిగా రాసి పెట్టుకోండి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఇప్పుడు ఆశించిన సంఖ్యలు. 400ని 16 భాగాలు చేస్తే 225, 75, 75, 25. మన లెక్కలో ఇవి పూర్ణాంకాలుగా వచ్చాయి గానీ, మొత్తం 403 అయితే దశాంశాలు వస్తాయి. వాటిని సగం ఈగ ఎలా ఉంటుందని కొట్టేయొద్దు, అలాగే ఉంచాలి.

χ² = Σ (O − E)² / E

O అంటే లెక్కపెట్టిన సంఖ్య, E ఆశించినది. వరుసగా 2.15, 0.48, 3.85, 4.84. మొత్తం 11.32. నాలుగు తరగతులు ఉన్నాయి, మొత్తం 400 అని ముందే తెలుసు కాబట్టి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 3. ఈగల సంఖ్యలోంచి ఒకటి తీసేసి 399 అని రాసినవాళ్లూ ఉన్నారు, నవ్వకండి. టేబుల్‌లో 0.05 దగ్గర 3కి ఉన్న విలువ 7.815. మనది దాటిపోయింది.

ఇక్కడే అన్నిటికంటే పెద్ద తప్పు పొంచి ఉంది: శాతాలు పెట్టడం. చూడటానికి బాగుంటుందని 61.75, 20.25, 14.5, 3.5 అని శాతాల్లోకి మార్చి, ఆశించినవి కూడా 56.25, 18.75, 18.75, 6.25 అని రాసి అదే ఫార్ములా వేస్తే 2.83 వస్తుంది. అంటే అవే ఈగలు 9:3:3:1కి చక్కగా సరిపోయినట్టు కనిపిస్తాయి. 400 ఈగల సాక్ష్యాన్ని మీరు 100కి తగ్గించేశారు, జవాబూ నాలుగో వంతుకు పడిపోయింది. కాబట్టి ఫార్ములాలోకి లెక్కపెట్టిన ఈగల సంఖ్యలే వెళ్లాలి. ఎక్సెల్‌లో చేసేవాళ్లకూ ఇలాంటిదే ఇంకో గొయ్యి ఉంది.

```
=CHISQ.TEST(B2:B5,C2:C5)
```

C కాలమ్‌లో 9, 3, 3, 1 అని పెట్టినా ఎక్సెల్ తప్పని చెప్పదు, అర్థం లేని విలువ ఇస్తుంది. అక్కడ 225, 75, 75, 25 ఉండాలి. పైగా ఇది ఇచ్చేది P విలువ, కై-స్క్వేర్ కాదు. మన లెక్కకి సుమారు 0.01 వస్తుంది. దాన్ని χ² = 0.01 అని రికార్డ్‌లో రాస్తే అర్థం తలకిందులవుతుంది.

సరే, 11.32 హద్దు దాటింది కాబట్టి 9:3:3:1 అన్న పరికల్పన తిరస్కరించాం. "జన్యువులు స్వతంత్రంగా వేరవడం లేదు, అవి లింక్ అయి ఉన్నాయి" అని రాసేయాలనిపిస్తుంది. ఆగండి. 9:3:3:1 అనే ఒక్క వాక్యంలో మూడు మాటలు ఉన్నాయి: రెక్కల్లో 3:1, రంగులో 3:1, ఈ రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రావడం. ఏది పొరపడిందో విడదీసి చూడాలి.

రంగు చూస్తే మామూలువి 305, ఎబొనీ 95. ఆశించినవి 300, 100. కై-స్క్వేర్ 0.33, ఒక డిగ్రీకి హద్దు 3.841. ఇబ్బందేమీ లేదు. రెక్కలు చూస్తే మామూలువి 328, వెస్టిజియల్ 72. కై-స్క్వేర్ 10.45. దొంగ ఇక్కడ దొరికాడు. మూడో దానికి, అంటే స్వతంత్రతకి, ఈ సూత్రం వాడతాం (a మామూలువి, b ఎబొనీ, c వెస్టిజియల్, d రెండూ, n మొత్తం):

χ² = (a − 3b − 3c + 9d)² / 9n

247 − 243 − 174 + 126 = −44. దాని వర్గం 1936ని 3600తో భాగిస్తే 0.54. మూడూ కూడండి: 0.33, 10.45, 0.54 కలిపి 11.32. మొత్తం తేడా ఎక్కడిదో పైసలతో సహా తేలింది. లింకేజ్ కాదు, వెస్టిజియల్ ఈగలు తక్కువ పడ్డాయి. ఎగరలేని ఈగ మేతలో అంటుకుపోవడం, పురుగు దశలోనే కొన్ని చావడం, లెక్క త్వరగా ఆపేయడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. చచ్చిన ఈగలను విడిగా రాసుకోమన్నది ఇందుకే. ఆ కాగితం ఉంటే వైవాలో మాటకు ఆధారం ఉంటుంది.

చిన్న లెక్కలతో ఇంకో జాగ్రత్త. ప్రతి తరగతిలో ఆశించిన సంఖ్య కనీసం 5 ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. 16లో ఒక వంతు 5 కావాలంటే మొత్తం 80 ఉండాలి. ఒక లక్షణానికైనా 20 మొక్కలే చూసి 13:7 వచ్చిందనుకోండి, 3:1తో కై-స్క్వేర్ 1.07, 9:7తో 0.62. రెండూ సరిపోతాయి! అందుకే ఏ నిష్పత్తి ఆశిస్తున్నారో విత్తనం వేసే ముందే రాసుకోవాలి, లెక్క చూశాక నచ్చినది ఎంచుకోకూడదు. "సరిపోయింది" అంటే "నిరూపితమైంది" కాదు. రికార్డ్‌లో "ఈ లెక్క 3:1ని తిరస్కరించడానికి చాలదు" అని రాయడమే సరి.

పక్కవాడి అంకెలు చూసి సర్దుకునే అలవాటు ఉన్నవాళ్లకు ఒక మాట. మెండెల్ బఠానీల్లో 315, 108, 101, 32 అని లెక్క ఇచ్చాడు. దాని కై-స్క్వేర్ 0.47 మాత్రమే. ఈ ఒక్కటి మామూలే, కానీ ఆయన ప్రయోగాలన్నీ కలిపి చూసిన గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1936లో అవి ఉండాల్సిన దానికంటే ఎక్కువగా సరిపోతున్నాయని ఎత్తిచూపాడు. ఆ వాదన ఇంకా తెగలేదు. తరగతిలో ఇరవై మందికీ 0.1 లోపే వస్తే ఎగ్జామినర్‌కి అనుమానం రావడానికి ఫిషర్ అయ్యుండక్కర్లేదు.