పోటు చూసి పడవ కదపడం: మూడవ పాఠం - ఇసుక మేటను దాటే సమయం లెక్కకట్టడం

గత పాఠంలో పోటుపాట్ల పట్టికను చదవడం నేర్చుకున్నాం. ఆ పట్టిక ఓడరేవు దగ్గర నీరు ఎంత ఎత్తుకు లేస్తుందో చెబుతుంది గాని, మనం దాటవలసిన మేట మీద ఎంత నీరు నిలుస్తుందో చెప్పదు. ఆ రెండవ సంగతిని మనమే తేల్చుకోవాలి. కాకినాడకు దక్షిణంగా, కోరింగ మడ అడవుల మధ్య నుంచి సముద్రం వైపు సాగే ఒక పాయను ఉదాహరణగా తీసుకుందాం. లోపల లోతు సరిపడా ఉన్నా, మొగ దగ్గర అడ్డంగా పరచుకున్న ఇసుక మేట వల్లనే పడవలు ఆగిపోతాయి.

ముందుగా మేట లోతు తెలియాలి. గాలి తక్కువగా ఉన్న రోజున, పోటు సగానికి పైగా ఎక్కిన తరువాత అక్కడికి వెళ్లి, సెంటీమీటర్ల గుర్తులున్న వెదురు గడను మేట పొడవునా అయిదారు చోట్ల దించి, వాటిలో అతి తక్కువగా వచ్చిన కొలతను, గడియారంలోని సమయాన్ని రాసుకోవాలి. గోదావరి తెచ్చి పోసే బురద మెత్తగా ఉంటుంది కాబట్టి మొన తేలిన గడ అందులోకి దిగబడి, లేని లోతును చూపిస్తుంది. అందుకే గడ అడుగున అరచేయంత చెక్క పలకను బిగించుకోవడం మేలు. గడ 1.3 మీటర్లు చూపినప్పుడు పట్టిక ప్రకారం నీటి ఎత్తు 1.2 మీటర్లు అయితే, పట్టిక సున్నాగా తీసుకునే మట్టానికి మేట 0.1 మీటరు దిగువన ఉన్నట్టు. ఈ ఒక్క సంఖ్యే తరువాతి లెక్కలన్నిటికీ ఆధారం. వరద వచ్చి వెళ్లాక మేట కదులుతుంది గనుక అప్పుడు మళ్లీ కొలవాలి.

తరువాత పడవ సంగతి చూడాలి. ఇంజిన్ ఫ్యాన్ కొస వరకు 0.6 మీటరు మునిగే ఫైబర్ పడవ అనుకుందాం. అల దిగినప్పుడు పడవ కూడా దిగుతుంది కాబట్టి దానికి 0.2, అడుగున ఖాళీగా మరో 0.2 కలిపితే మేట మీద 1.0 మీటరు నీరు ఉండాలి. మేట ఇచ్చే 0.1ని తీసివేస్తే, పోటు 0.9 మీటరుకు ఎక్కేదాకా ఆగాలన్నమాట.

ఇక సమయం. పౌర్ణమి మరునాడు తెల్లవారుజామున 3:00కు నీరు 0.3 మీటర్లతో అతి తక్కువగాను, 9:00కు 1.5 మీటర్లతో అతి ఎక్కువగాను ఉంటుందనుకుందాం (ఇవి పాఠం కోసం తీసుకున్న అంకెలు, ప్రయాణానికి ఆ రోజు పట్టికనే చూడాలి). తేడా 1.2 మీటర్లు. నీరు గంటగంటకూ సమానంగా ఎక్కదు. తేడాను పన్నెండు భాగాలు చేస్తే ఆరు గంటల్లో వరుసగా 1, 2, 3, 3, 2, 1 భాగాలు ఎక్కుతాయి. ఇక్కడ ఒక్కో భాగం 0.1 మీటరు కనుక 4:00కు 0.4, 5:00కు 0.6, 6:00కు 0.9, 7:00కు 1.2 అవుతుంది. దిగేటప్పుడు కూడా ఇదే వరుస కాబట్టి 12:00కు మళ్లీ 0.9కి వస్తుంది. కాగితం మీద 6:00 నుంచి 12:00 వరకు దారి తెరిచి ఉన్నట్టే.

అయినా ఆ రెండు కొసలనూ నేను వాడను. పోటు ఎక్కుతున్నప్పుడు తగులుకున్న పడవను పావుగంటలో నీరే లేపుతుంది. పాటులో తగులుకుంటే మళ్లీ పోటు వచ్చేదాకా మేట మీద ఒరిగి ఉండవలసిందే. దీనికి తోడు, సముద్రం నుంచి గాలి వీస్తున్నప్పుడు పాటు నీరు దానికి ఎదురు వెళ్లి, మొగలో అలలను నిటారుగా లేపుతుంది. అందుచేత వెళ్లేటప్పుడు 7:00కు మేటను చేరి, తిరిగి వచ్చేటప్పుడు 11:00 లోపే లోపలికి రావాలి. రేవు నుంచి మేటకు 40 నిమిషాలు పడితే 6:20కి కట్టు విప్పాలి. ఈ లెక్కలో తేలేది మేటను చేరవలసిన సమయం గాని, రేవు వదిలే సమయం కాదని చాలామంది ఇక్కడే మరచిపోతారు.

మరో దిద్దుబాటు కూడా ఉంది. పాయ లోపలికి పోటు ఆలస్యంగా చేరుతుంది, పై నుంచి వరద నీరు దిగుతున్నప్పుడు ఆ తేడా మారిపోతుంది. మేట దగ్గర మడ చెట్టు మొదలుకు రంగు గీత పెట్టి, నీరు ఎప్పుడు ఎక్కడం ఆగిందో నాలుగు రోజులు గమనిస్తే మీ చోటుకు ఎన్ని నిమిషాలు కలపాలో తెలుస్తుంది.

అభ్యాసం: అష్టమి నాడు అదే మేట, అదే పడవ. 8:30కు నీరు 0.4, 14:30కు 1.0 మీటరు. 0.9 మీటరు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉంటుందో, ఎక్కే పోటులోనే మేటను దాటి వెళ్లి, అదే రోజు తిరిగి రాగలరో లేదో లెక్కించండి. జవాబుతోనే నాలుగవ పాఠాన్ని మొదలుపెడతాను.